తమ్ముడికి ఇచ్చిన యాడ్-ఆన్ కార్డు: బకాయి ఎవరి మెడకు?

ప్రశ్న: నేను ప్రైవేటు ఉద్యోగిని. నాకు రెండున్నర లక్షల లిమిట్‌తో క్రెడిట్ కార్డు ఉంది. తమ్ముడు ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నాడు, చేతిలో డబ్బు ఆడక ఇబ్బంది పడకూడదని నిరుడు నా కార్డు కిందే వాడి పేరుతో ఇంకో కార్డు, అంటే యాడ్-ఆన్ కార్డు ఇప్పించాను. మొదట్లో నెలకు ఏడెనిమిది వేలు వాడి, తిరిగి పంపేవాడు. ఈ జూలై 20న మాత్రం 55,000 పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాడు. అదే రోజు ఏటీఎంలో 20,000 తీశాడు. చిల్లర ఖర్చులు ఇంకో 15,000. అందులో 6,000 వాడి స్నేహితుడు వాడుకున్నదట, ఓటీపీ మావాడే చెప్పాడు. ఆగస్టు 12న 1,18,400 బిల్లు వచ్చింది. నా వాడకం, బ్యాంకు ఛార్జీలు కలిపి 28,400. తమ్ముడు 15,000 ఇచ్చాడు. రెండూ కలిపి 43,400 గడువులోగా కట్టేశాను. అయినా సెప్టెంబరు బిల్లులో ఐదు వేల పైచిలుకు వడ్డీ వేశారు. నా వాటా కట్టేశాక నాకు వడ్డీ ఎందుకు? కార్డు మీద వాడి పేరే ఉంది కదా, మిగిలిన 75,000 బ్యాంకు వాడిని అడగదా? స్నేహితుడు వాడిన 6,000 మా ఖర్చు కాదని ఫిర్యాదు చేయొచ్చా? కార్డు ఆపేస్తే అమ్మ బాధపడుతుంది, ఆపకపోతే మావారితో గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: ముందు బ్యాంకు ఎవరిని అడుగుతుందో తేల్చుకుందాం. మిగతా చిక్కులన్నీ దాని చుట్టూనే ఉన్నాయి. మిమ్మల్నే అడుగుతుంది. క్రెడిట్, డెబిట్ కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన నిబంధనల్లో ఈ మాట సూటిగానే ఉంది. యాడ్-ఆన్ కార్డును ప్రధాన కార్డుదారు చూపించిన వ్యక్తికే ఇవ్వాలి, దాని బాధ్యత ప్రధాన కార్డుదారుదేనన్న స్పష్టమైన అవగాహనతో ఇవ్వాలి. కార్డు మీద మీ తమ్ముడి పేరు అచ్చు వేసింది ఎవరు వాడుతున్నారో తెలియడానికే. ఆధార్, పాన్ తీసుకున్నది ఆ మనిషి ఎవరో నిర్ధారించుకోవడానికి. వాటివల్ల అతను అప్పు తీసుకున్నవాడైపోడు. అతని జీతం ఎంతని గానీ, అసలు జీతం ఉందా అని గానీ బ్యాంకు అడగలేదు కదా? అడగకపోవడానికి కారణం ఇదే. మీ జీతం, మీ చెల్లింపుల చరిత్ర చూసి ఇచ్చిన లిమిట్‌లోంచే అతనూ వాడుకుంటున్నాడు.

కొన్ని బ్యాంకుల షరతుల్లో యాడ్-ఆన్ వ్యక్తి కూడా ఉమ్మడిగా బాధ్యుడని ఒక వాక్యం కనిపిస్తుంది. అది చూసి సగం భారం దిగిపోయిందనుకోకండి. అది వసూలుకు బ్యాంకు దగ్గరుంచుకున్న రెండో దారి మాత్రమే, మీకు మినహాయింపు కాదు. బకాయి గడువు దాటితే ఫోన్ మీకే వస్తుంది, క్రెడిట్ రిపోర్టులో ఆలస్యం మీ పేరునే పడుతుంది. కార్డు బిల్లులకు ఏడాదిలో కట్టిన మొత్తం పెద్దదైతే ఆదాయపన్ను శాఖకు వెళ్లే సమాచారంలో కూడా మీ పాన్ నంబరే ఉంటుంది.

ఇక వడ్డీ సంగతి. మీరు మోసపోయినట్టు అనిపించడానికి కారణం, బిల్లును మీరు రెండు వాటాలుగా చూడటం. బ్యాంకు పుస్తకంలో వాటాలు లేవు. రెండు కార్డుల ఖర్చులు వేర్వేరు శీర్షికల కింద కనిపించినా చివర్లో మొత్తం ఒక్కటే. 1,18,400 బిల్లుకు 43,400 వచ్చిందంటే అది బ్యాంకు దృష్టిలో పాక్షిక చెల్లింపు. ‘ఇది అక్క వాటా, ఇది తమ్ముడి వాటా’ అని సర్దిపెట్టరు. బ్యాంకు తన వరుసలో, అంటే సాధారణంగా పన్నులు, రుసుములు, వడ్డీ, తర్వాత అసలు అన్న క్రమంలో జమ చేసుకుంటుంది. పూర్తి బిల్లు కట్టనప్పుడు వడ్డీ లేని గడువు పోతుంది. మిగిలిన మొత్తానికి వడ్డీని గడువు తేదీ నుంచి కాకుండా, ఆ వస్తువు కొన్న తేదీ నుంచే లెక్కేస్తారు.

మీ బిల్లుతోనే చూద్దాం. నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం చొప్పున లెక్కేస్తున్నాను. చాలా కార్డుల రేటు ఇంచుమించు ఇక్కడే ఉంటుంది. మీ స్టేట్‌మెంట్ చివర్లో అసలు రేటు ఉంటుంది, దాన్ని పెట్టి చూసుకోండి. మీరు కట్టిన సొమ్ము మీ కొనుగోళ్లకూ చిల్లర ఖర్చులకూ పోయి, ల్యాప్‌టాప్, ఏటీఎం నగదు మిగిలాయనుకుందాం. ల్యాప్‌టాప్ 55,000 మీద వడ్డీ రోజుకు 63 రూపాయలు. జూలై 20 నుంచి సెప్టెంబరు 12 వరకు 54 రోజులు. వడ్డీ 3,418, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 4,033. ఏటీఎం నగదు 20,000 మీద ఆగస్టు 12 దాకా పడిన వడ్డీ ఆగస్టు బిల్లులోనే వచ్చి ఉంటుంది, అక్కడి నుంచి సెప్టెంబరు 12 దాకా 31 రోజులకు జీఎస్టీతో కలిపి 842. ఈ రెండూ కలిపితేనే 4,875.

మీ లేఖలోని ఐదు వేల పైచిలుకులో మిగిలినది మీరు ఊహించని చోటి నుంచి వచ్చి ఉంటుంది. పాత బకాయి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు దొరకదు. ఆగస్టు 12 తర్వాత మీరు మీ ఇంటికోసం 25,000 వాడి ఉంటే, సగటున 15 రోజులకు జీఎస్టీతో మరో 509 పడుతుంది. తమ్ముడి బకాయి వల్ల మీ సొంత ఖర్చులకు వడ్డీ పడటం అంటే ఇదే. బిల్లు నెలకు నెల పూర్తిగా కట్టే అలవాటున్నవాళ్లకు ఈ దెబ్బ ముందెప్పుడూ తెలియదు, అందుకే మొదటిసారి బ్యాంకు తప్పు చేసిందనిపిస్తుంది. ఈ మొత్తంలో తప్పేమీ కనిపించడం లేదు. స్టేట్‌మెంట్‌లో అంకెలు దీనికి బాగా దూరంగా ఉంటే మాత్రం లెక్క రాసి ఇమ్మని ఈమెయిల్‌లో అడగండి. బిల్లు మీద అభ్యంతరం చెప్తే గరిష్ఠంగా 30 రోజుల్లో ఆధారాలతో వివరణ ఇవ్వాలన్న నిబంధన బ్యాంకుకు ఉంది.

ఏటీఎం నగదు గురించి ఒక్క మాట వేరుగా చెప్పాలి. యాడ్-ఆన్ కార్డుల్లో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే. నగదుకు వడ్డీ లేని గడువు మొదట్నించీ లేదు. బిల్లు మొత్తం సకాలంలో కట్టినా, తీసిన రోజు నుంచి వడ్డీ ఉంటుంది. అది కాక చాలా బ్యాంకులు రెండున్నర శాతం లేదా కనీసం 500 రూపాయల రుసుము తీసుకుంటాయి. 20,000కి అది 500, జీఎస్టీతో 590. ఆగస్టు బిల్లులోనే ఇది ఉండి ఉంటుంది, వెనక్కి వెళ్లి చూడండి. మీ తమ్ముడికి డెబిట్ కార్డుకూ దీనికీ తేడా తెలిసి ఉండకపోవచ్చు. చాలామందికి తెలియదు, రెండూ ఒకే ఏటీఎంలో ఒకేలా పిన్ అడుగుతాయి కాబట్టి.

స్నేహితుడు వాడిన 6,000 మీద ‘ఈ లావాదేవీ మేం చేయలేదు’ అని ఫిర్యాదు పెట్టొద్దు. రెండు కారణాలున్నాయి. యాడ్-ఆన్ కార్డుతో మీ తమ్ముడు చేసినదీ, చేయనిచ్చినదీ బ్యాంకు దృష్టిలో మీ అనుమతితో జరిగినదే. మీకు చెప్పకుండా చేశాడన్నది మీ ఇద్దరి మధ్య సంగతి. రెండోది, ఓటీపీ అతనే చెప్పాడు. అనధికార లావాదేవీల మీద రిజర్వ్ బ్యాంకు 2017లో పెట్టిన నియమాల ప్రకారం, వినియోగదారుడే పిన్, ఓటీపీ వంటివి బయటపెట్టిన చోట, బ్యాంకుకు సమాచారం ఇచ్చేదాకా జరిగిన నష్టం వినియోగదారుడిదే. ఓటీపీ ఏ నంబరుకు వెళ్లింది, ఎప్పుడు వాడారు అన్నవి బ్యాంకు దగ్గర నమోదై ఉంటాయి. ఫిర్యాదు తిరస్కరిస్తే ఆగిపోయిన వడ్డీ కూడా చేర్చి అడుగుతారు. అన్నిటినీ మించి అది అబద్ధపు ఫిర్యాదు. ఆ 6,000 స్నేహితుడి నుంచి రాబట్టాల్సింది మీ తమ్ముడే.

నిజంగా కార్డు వివరాలు ఎక్కడో దొంగిలించి ఎవరో వాడితే సంగతి వేరు. మీవైపు గానీ బ్యాంకువైపు గానీ లోపం లేని అలాంటి మోసాన్ని బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే మీకు నష్టం ఉండదని అదే నియమాలు చెప్తున్నాయి. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే, అయిదు లక్షల లోపు లిమిట్ ఉన్న కార్డుకు మీ నష్టం పదివేలు దాటదు. యాడ్-ఆన్ కార్డులో ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది. మీ ఫోనుకు మెసేజ్ వస్తుంది, మీరు ‘మావాడే కొన్నాడేమో’ అనుకుని వదిలేస్తారు. అతను చూసుకోడు. రోజులు గడిచిపోతాయి. కార్డు అతని దగ్గర ఉన్నంతకాలం తెలియని మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ‘నువ్వేనా?’ అని అదే రోజు అడగడం తప్ప వేరే మార్గం లేదు.

ఇప్పుడు ముందున్న దారులు. వీటిని రెండు ప్రశ్నలుగా విడదీయండి. ఉన్న 75,000 ఎలా తీరాలి అన్నది ఒకటి, కార్డు ఇకమీదట అతని దగ్గర ఉండాలా అన్నది రెండోది. అమ్మగారి బాధ, మీవారి కోపం రెండోదానికి సంబంధించినవి. మొదటిది తేలిందాకా ఎవరి మనసూ చూసే తీరిక లేదు, ఎందుకంటే 75,000 మీద జీఎస్టీతో కలిపి రోజుకు దాదాపు 102 రూపాయలు పెరుగుతోంది.

మీ దగ్గర పొదుపు ఉంటే, సెప్టెంబరు బిల్లు గడువులోగా మొత్తం కట్టేయడం అన్నిటికన్నా చవక. ఫిక్స్‌డ్ డిపాజిట్ ముందే తీస్తే వడ్డీలో ఒక శాతం కోత పడొచ్చని చాలామంది వెనకాడతారు. 42 శాతం పోతున్నచోట ఆ ఒక్క శాతం గురించి ఆలోచించక్కర్లేదు. దీనికి ఇబ్బంది ఏమిటంటే, తమ్ముడికి మీరే అప్పిచ్చినట్టు అవుతుంది, బ్యాంకు ఒత్తిడి పోయాక అతను నెమ్మదించే ప్రమాదం ఉంది. దానికి మందు కింద చెప్తాను. కట్టేశాక తర్వాతి బిల్లులో మళ్లీ కొద్దిగా వడ్డీ కనిపిస్తుంది. కంగారుపడకండి. అది బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు వరకు పడిన వడ్డీ. అదీ పూర్తిగా కడితే తర్వాతి నెల నుంచి వడ్డీ లేని గడువు తిరిగొస్తుంది. ఆ చిన్న మొత్తాన్ని ‘అంతా కట్టేశాను కదా’ అని వదిలేసి మళ్లీ మొదటికి తెచ్చుకునేవాళ్లు చాలామంది.

అంత పొదుపు లేకపోతే, కొంత కట్టి మిగతాది ఈఎంఐగా మార్చమనొచ్చు. ఏటీఎం నగదును చాలా బ్యాంకులు ఈఎంఐలోకి మార్చవు కాబట్టి ఆ 20,000 చేతి నుంచి సర్దండి. 55,000ను ఏడాదికి 18 శాతం చొప్పున 12 నెలలకు మార్చారనుకుందాం. నెలకు 5,042 కట్టాలి. ఏడాదిలో వడ్డీ 5,509, దాని మీద జీఎస్టీ 992, పైన ప్రాసెసింగ్ రుసుము. కార్డు వడ్డీ ముందు ఇది తక్కువే. అయితే ఒప్పుకునే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: రుసుము ఎంత, ముందే తీర్చేస్తే ఛార్జి ఉందా, మార్చిన తర్వాత అంతకుముందు పడిన వడ్డీ ఏమవుతుంది. ఇంకొకటి, ఈఎంఐ ఉన్నంతకాలం ఆ మేరకు మీ లిమిట్ బిగిసి ఉంటుంది, నెలనెలా ఆ 5,042 మీ బిల్లులోనే వస్తుంది. మారింది కట్టే తీరే, కట్టాల్సిన మనిషి మారలేదు.

కనీస మొత్తం కట్టుకుంటూ పోవడం అనే దారి కూడా బిల్లు మీద కనిపిస్తుంది. దాన్ని ఒకే ఒక్క పనికి వాడండి: ఏ నెలైనా నిజంగా చేతులెత్తేయాల్సి వస్తే, ఆలస్య రుసుము పడకుండా, క్రెడిట్ రిపోర్టులో మచ్చ రాకుండా చూసుకోవడానికి. బకాయిని గడువు దాటినట్టుగా నివేదించడానికీ, ఆలస్య రుసుము వేయడానికీ బ్యాంకు గడువు తర్వాత మూడు రోజులు ఆగాలి. అది చివరి నిమిషంలో చెల్లింపు ఇరుక్కుపోయినవాళ్ల కోసం, వాయిదా వేయడానికి కాదు. ఆ మూడు రోజుల వడ్డీ మాత్రం ఆగదు.

ఈ బకాయిని తమ్ముడి పేరుకు మార్చమని బ్యాంకును అడగడం వృథా ప్రయాస, అలాంటి ఏర్పాటు లేదు. అతనికి ఆదాయం మొదలయ్యాక తన పేరుతో వ్యక్తిగత రుణం తీసుకుని మీకు కట్టేయడమే అతని పేరు మీదికి మారే ఏకైక దారి. ఇప్పుడు ఉద్యోగం లేదు కాబట్టి అది కుదరదు. మీరు హామీదారుగా సంతకం పెడితే ఇస్తామని ఎవరైనా అంటే, తిరిగి తిరిగి మీ దగ్గరికే వచ్చినట్టు.

మీ ఇద్దరి మధ్య లెక్కను మాత్రం కాగితం మీదికి తెండి. పెద్ద దస్తావేజు అక్కర్లేదు. ఒక మెసేజ్ చాలు: ‘జూలైలో నా కార్డు మీద నువ్వు వాడిన 90,000లో 15,000 ఇచ్చావు, 75,000 ఉంది, దీనికి పడే వడ్డీ కూడా నీదే. నెలకు ఇంత చొప్పున ఏ తేదీకి పంపుతావో రాయి.’ అతను ‘సరే అక్కా, ప్రతి నెలా 5న ఇంత పంపుతాను’ అని జవాబిస్తే, అదే ఒప్పుకోలు. డబ్బు నగదుగా కాకుండా యూపీఐలోనో ఖాతాలోకో తీసుకోండి, పంపేటప్పుడు ‘కార్డు బకాయి’ అని రాయమనండి. చేబదులుగా ఇచ్చిన అప్పును కోర్టు ద్వారా అడగడానికి సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది. గడువు ముగిసేలోగా సంతకంతో రాతపూర్వకంగా బాకీని ఒప్పుకుంటే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. మీరు తమ్ముడి మీద కోర్టుకెళ్తారని కాదు. అంకె రాసి ఉంటే ఆరు నెలల తర్వాత ‘నేను అరవై వేలే వాడాను కదా’ అన్న తగువు పుట్టదు. మీవారికి చూపించడానికి కూడా మీ చేతిలో ఒక లెక్క ఉంటుంది. తోబుట్టువుల మధ్య రాతకోతలేమిటని అమ్మగారు అనొచ్చు. 75,000 ఎవరు కట్టాలో తెలియని స్థితి అంతకన్నా ఎక్కువ దూరం పెంచుతుందని నా అభిప్రాయం.

రెండో ప్రశ్నకు వద్దాం. కార్డును అతని దగ్గరే ఉంచి, పగ్గాలు బిగించడం ఒక దారి. యాడ్-ఆన్ కార్డుకు విడిగా లిమిట్ పెట్టే వీలు చాలా బ్యాంకుల్లో ఉంది. యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్తే మీ కార్డు కింద అతని కార్డు చివరి నాలుగంకెలతో కనిపిస్తుంది. కనిపించకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి పెట్టించుకోవాలి. నెలకు 8,000 అనుకుంటే అంతే పెట్టండి. ఏటీఎం నగదు సున్నా చేయండి. విదేశీ లావాదేవీలు ఆపేయండి. ట్యాప్ చేసే చెల్లింపులు కూడా ఆపడం మంచిది, అవి 5,000 వరకు పిన్ లేకుండానే వెళ్లిపోతాయి. ఆన్‌లైన్ లావాదేవీలను మూసి ఉంచి, అతనడిగినప్పుడు తెరవచ్చు. ఇలా ఒక్కో రకాన్ని తెరిచి మూసే సదుపాయం, పరిమితి పెట్టుకునే సదుపాయం 2020 అక్టోబరు నుంచి బ్యాంకులన్నీ ఇవ్వాల్సిందే.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. యాప్‌లో పెట్టే కొన్ని పరిమితులు ఒక్క లావాదేవీకో, ఒక్క రోజుకో వర్తిస్తాయి. మీరు 8,000 అని పెట్టి నిశ్చింతగా ఉంటారు, అతను రోజుకు 8,000 చొప్పున పది రోజులు వాడగలడు. కాబట్టి ‘ఇది బిల్లు కాలం మొత్తానికా, రోజుకా?’ అని అడిగి, రాతలో జవాబు తీసుకోండి. నెల లిమిట్ నిజంగా పడిందో లేదో తెలియడానికి గుర్తు ఏమిటంటే, అతని కార్డు ఎదురుగా మిగిలిన లిమిట్ మీ రెండున్నర లక్షల్లో మిగిలిన మొత్తంగా కాక, 8,000 దగ్గర కనిపించాలి. ఈ పరిమితులను అతను తన లాగిన్ నుంచి మార్చగలడా అన్నది కూడా అడగండి. అతని ఓటీపీ అతని నంబరుకు వెళ్తున్నా, ఖర్చు మెసేజ్‌లు మీ నంబరుకు వస్తున్నాయో లేదో చూసుకోండి.

రెండోది, యాడ్-ఆన్ కార్డు ఆపేయడం. యాప్‌లో తాత్కాలికంగా లాక్ చేయడం వేరు, శాశ్వతంగా రద్దు చేయడం వేరు. లాక్ ఈ రాత్రికే చేయొచ్చు, గొడవ తేలిందాకా కొత్త ఖర్చు పడకుండా పనికొస్తుంది. రద్దుకైతే ‘నా ప్రధాన కార్డు కొనసాగాలి, ఫలానా చివరి అంకెల యాడ్-ఆన్ కార్డు మాత్రమే రద్దు చేయండి’ అని స్పష్టంగా రాసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. ఇలా విడదీసి చెప్పకపోవడం వల్ల ప్రధాన కార్డు కూడా పోగొట్టుకునే పరిస్థితి రావచ్చు. రద్దుకు ముందు ఆ కార్డు మీద నెలనెలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చందాలు ఏమైనా ఉన్నాయేమో అతన్ని అడిగి, బ్యాంకు ఈ-మ్యాండేట్ పేజీలో కూడా చూసి రద్దు చేయండి. అలాంటి చెల్లింపులు 15,000 లోపైతే మొదటిసారి తర్వాత ఓటీపీ అడగవు, 24 గంటల ముందు ఒక సమాచారం మాత్రమే వస్తుంది. లాక్ చేసిన కార్డు మీద కూడా కొన్నిచోట్ల ఇవి కొనసాగుతాయి. రద్దు చేసిన తర్వాత కూడా ఒకటి రెండు ఎంట్రీలు రావచ్చు. అవి రద్దుకు ముందే ఆమోదం పొంది ఆలస్యంగా బిల్లులోకి చేరినవి, వాటి తేదీ చూడండి. రద్దు తేదీ తర్వాతి లావాదేవీ అయితే వెంటనే అభ్యంతరం చెప్పండి, అప్పుడు మీవైపు న్యాయం ఉంటుంది. బ్యాంకు 30 రోజుల్లో పట్టించుకోకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

కార్డు రద్దయినంత మాత్రాన ఆ కార్డు మీద అయిన బకాయి, ఈఎంఐ పోవు. అవి మీ ఖాతాలో కొనసాగుతాయి. ‘కార్డు ముక్కలు చేశాం, ఇంకేముంది’ అని బిల్లు చూడటం మానేయకండి.

మూడో దారి, అతని అవసరాన్ని వేరే రకంగా తీర్చడం. కార్డు ఆపడం వల్ల అమ్మగారికి కలిగే బాధ, తమ్ముడిని ఖాళీ చేతులతో వదిలేస్తున్నారన్నది అయితే, దానికి ఇది జవాబు. నెలకు కొంత ఇవ్వదలచుకుంటే యూపీఐ సర్కిల్ ఉంది. మీ బ్యాంకు ఖాతా నుంచి అతను చెల్లించేలా అనుమతి ఇవ్వొచ్చు. పూర్తి అనుమతి ఇచ్చినా నెలకు 15,000, ఒక్కసారికి 5,000 దాటదు, అంతకన్నా తక్కువ మీరే పెట్టుకోవచ్చు. ప్రతి చెల్లింపూ మీ పిన్‌తోనే జరిగేలా ఇంకో రకం కూడా ఉంది. ఇందులో పోయేది మీ ఖాతాలో ఉన్న డబ్బే, 42 శాతం వడ్డీ మాట ఉండదు. దీన్నీ మీరు ఇచ్చిన డబ్బుగానే లెక్క వేసుకోవాలి, అది వేరే సంగతి.

లేదా అతని పేరుతోనే కార్డు తీయించండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డులకు జీతం చీటీ అడగరు. అతని పేరున 20,000 డిపాజిట్ చేస్తే, బ్యాంకును బట్టి అందులో 80, 90 శాతం లిమిట్‌గా ఇస్తారు, అంటే 16,000 నుంచి 18,000. ఆ 20,000 మీరే ఇచ్చినా, మీ నష్టానికి హద్దు అక్కడితో ఆగిపోతుంది. బిల్లు అతని పేరున వస్తుంది, కట్టకపోతే అతని డిపాజిట్ పోతుంది, సకాలంలో కడితే అతని క్రెడిట్ రిపోర్టు మొదలవుతుంది. యాడ్-ఆన్ కార్డు వాడితే తన స్కోరు పెరుగుతుందని ఎవరో చెప్పగా నమ్మేవాళ్లున్నారు. మీ కార్డు క్రమశిక్షణ మీ రిపోర్టుకే ప్రధానంగా చేరుతుంది, రేపు అతను సొంత రుణానికి వెళ్తే దాని మీద ఆధారపడలేడు.

నేనైతే లాక్ ఈరోజే చేసి, 75,000 సంగతి ఈ గడువులోగా తేల్చి, మెసేజ్ మీద ఒప్పుకోలు వచ్చాకే కార్డు గురించి మాట్లాడతాను. తమ్ముడు నెల వాయిదాలు రెండు మూడు చెప్పిన తేదీకి పంపితే, 8,000 లిమిట్‌తో తిరిగి తెరవడంలో తప్పులేదు. లిమిట్ ఎంత పెట్టాలన్నదానికి కొలత మాత్రం ఒకటే: అతను ఒక్క రూపాయి ఇవ్వకపోయినా, ఆ నెల బిల్లు మీ జీతంలోంచి పూర్తిగా కట్టేయగలిగినంత. మీవారితో కూర్చుని ఆ అంకె ఇద్దరూ కలిసి రాసుకోండి. ఆ అంకె సున్నా అని తేలితే, డిపాజిట్ కార్డు దారి పట్టండి.